గ్యాస్ బిళ్ళ కింద దాగిన పుండు: ఒక హెచ్చరిక

విరేచనం తారులా నల్లగా, జిగటగా, ఎన్నడూ లేనంత దుర్వాసనతో అయిందా? ఇది చదవడం ఆపి ఆసుపత్రికి బయలుదేరండి. తెల్లారనిద్దామని ఆగకండి. నొప్పి లేదు కదా అని ధైర్యపడకండి. అన్నకోశంలోనో చిన్నపేగు మొదట్లోనో నెత్తురు కారుతోందని దాని అర్థం. కడుపులో కారిన నెత్తురు ఆమ్లంలో నాని, పేగుల్లో గంటల తరబడి ప్రయాణించి బయటికి వచ్చేసరికి ఎర్రదనం పోయి నల్లబడుతుంది. అందుకే చాలామంది దాన్ని నెత్తురుగా గుర్తుపట్టరు. వేడి చేసిందనో, నిన్న తిన్నది పడలేదనో అనుకుంటారు. విరేచనం అలా నల్లబడటానికి యాభై, వంద మిల్లీలీటర్ల నెత్తురు చాలు. ఆ తర్వాత ఎంత కారుతుందో బయటి నుంచి ఎవరూ చెప్పలేరు.

ఐరన్ మాత్రలు వేసుకునేవారికి, బిస్మత్ అనే మందు వాడేవారికి కూడా విరేచనం నల్లగా అవుతుంది. అది సాధారణంగా గట్టిగానే ఉంటుంది, ఆ జిగట, ఆ వాసన ఉండవు. తేడా తెలియకపోతే మీరు తేల్చుకోవద్దు, డాక్టరును తేల్చనివ్వండి. కాఫీ పొడి కలిపిన నీళ్ళలాంటి వాంతి అయినా, నెత్తుటి వాంతి అయినా ఇంతే. రోగిని నడిపించకండి, పడుకోబెట్టండి. తినడానికి, తాగడానికి ఏమీ ఇవ్వకండి. 108కి ఫోన్ చేయండి. అతను వాడుతున్న మాత్రల అట్టలన్నీ సంచిలో వేసుకుని వెంట తీసుకెళ్ళండి. వాటి అవసరం ఏమిటో ముందు ముందు తెలుస్తుంది.

ఈ ప్రమాదం ఒక్క రాత్రిలో వచ్చి పడేది కాదు. నెలల ముందు నుంచే సూచనలు ఇస్తుంది. ఆ సూచనలను మనం మన చేతులతోనే నొక్కేస్తున్నామన్నదే ఈ హెచ్చరిక. కడుపులో మంట, పుల్లటి త్రేన్పులు, ఉబ్బరం, పై కడుపులో సలుపు, ఛాతీలో బరువు, వీటన్నిటికీ మన ఇళ్ళలో ఒకటే పేరు, గ్యాస్. అన్నిటికీ ఒకటే మందు, మందుల షాపులో అడగ్గానే ఇచ్చే గ్యాస్ బిళ్ళ. పరగడుపున ఒకటి వేసుకుంటే ఆ రోజు గడిచిపోతుంది. రోజులు గడిచి నెలలు, నెలలు గడిచి ఏళ్ళు. లోపల ఏముందో ఎవరూ చూడరు.

మన ఆసుపత్రుల్లో ఈ కథ ఎలా నడుస్తుందో ఒక మనిషిని ఊహించుకుని చూద్దాం. యాభై రెండేళ్ళ తాపీ మేస్త్రీ అనుకోండి. మోకాళ్ళ నొప్పులు. పనికి వెళ్ళకపోతే కూలి రాదు కాబట్టి ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫినాక్ ఇంజెక్షన్ వేయించుకుంటాడు. ఇంజెక్షన్ వేయించుకోని రోజుల్లో అదే మందు బిళ్ళగా వేసుకుంటాడు. కొన్నాళ్ళకు తెల్లవారుజామున రెండు గంటలప్పుడు పై కడుపులో తోడేసినట్టు నొప్పి లేపుతుంది. రెండు బిస్కెట్లు తిని నీళ్ళు తాగితే తగ్గుతుంది. ఖాళీ కడుపున వచ్చి, తింటే తగ్గే ఈ నొప్పి డియోడినం పుండుకు, అంటే అన్నకోశం దాటగానే వచ్చే చిన్నపేగు మొదటి భాగంలోని పుండుకు పాత గుర్తు. మేస్త్రీకి ఆ సంగతి తెలియదు. షాపులో చెబితే పాంటోప్రజోల్ బిళ్ళలు ఇస్తారు. నిజంగానే హాయిగా ఉంటుంది. నొప్పి మాత్ర, గ్యాస్ బిళ్ళ రెండూ నడుస్తుంటాయి. ఒక నెల గ్యాస్ బిళ్ళ కొనడం మానేస్తాడు, నొప్పి మాత్ర మాత్రం మానడు.

ఒక సాయంత్రం పరంజా మీద కళ్ళు తిరుగుతాయి. ఎండ దెబ్బ అంటారు. మర్నాడు నల్లటి విరేచనం రెండుసార్లు. ఎవరికీ చెప్పడు. మూడో రోజు స్నానాలగదిలో పడిపోతాడు. ఆసుపత్రికి చేరేసరికి నాడి నిమిషానికి 118, బీపీ 90/60, హిమోగ్లోబిన్ 6.2. ముందు సెలైన్, తర్వాత రక్తం. ఒంట్లో కాస్త నిలకడ వచ్చాక, ఇరవై నాలుగు గంటల్లోపు ఎండోస్కోపీ. డియోడినం వెనక గోడ మీద పుండు, దాని అడుగున తెగిన రక్తనాళం మొన కనిపిస్తుంది. ఆ గోడ వెనకే పెద్ద ధమని వెళుతుంది కాబట్టి అక్కడి పుండు నెత్తురు కారుస్తుంది. ముందు గోడ మీద పుండైతే పేగుకు చిల్లు పడవచ్చు. డాక్టరు ఎడ్రినలిన్ సూది వేసి, నాళానికి క్లిప్పు బిగిస్తారు. ఆ తర్వాత డెబ్బై రెండు గంటలు ఆమ్లాన్ని అణిచే మందు నరంలోకి ఎక్కుతూ ఉండాలి. మళ్ళీ కారే ప్రమాదం ఎక్కువగా ఆ మూడు రోజుల్లోనే ఉంటుంది.

ఇక్కడ ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. మేస్త్రీ మొదటి రోజే ఆసుపత్రికి వెళ్ళి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకుని ఉంటే ఆ అంకె బాగానే కనిపించేది. నెత్తురు పోయేటప్పుడు చిక్కదనం మారకుండా మొత్తంగా పోతుంది కనుక గంటలు గడిచి ఒంట్లోని నీరు నాళాల్లోకి చేరాకే ఆ అంకె పడిపోతుంది. కాబట్టి నల్లటి విరేచనమైన మనిషికి రక్తపరీక్ష బాగుందని చెప్పి ఇంటికి పంపేస్తే, నాడి ఎంత ఉంది, నిలబడితే బీపీ ఎంత పడుతోంది అని అడగండి. అడిగే హక్కు మీకుంది.

ఈ మేస్త్రీ ప్రాణం దక్కింది. కాని అసలు ప్రశ్న మిగిలే ఉంది. పుండు ఎందుకు పడింది?

కడుపులో ఆమ్లం మనకు శత్రువు కాదు. రోజూ లీటరున్నర, రెండు లీటర్ల జఠరరసం ఊరుతుంది. తిన్న మాంసకృత్తులను విడగొట్టేది, ఆహారంతో పాటు లోపలికి వచ్చే సూక్ష్మజీవులను చంపేది అదే. అంత ఘాటు రసం అన్నకోశం గోడను తినేయకుండా దాని మీద జిగురు పొర ఉంటుంది. ఆ పొరలో ఆమ్లాన్ని విరిచే బైకార్బొనేట్ ఊరుతూ ఉంటుంది. కింద కణాలు పాతవి రాలి కొత్తవి వస్తుంటాయి. ఈ కాపలా చెదిరినప్పుడే ఆమ్లం గోడను తింటుంది. ఆవకాయ, పచ్చిమిరపకాయ, గోంగూర తిన్నందువల్ల పుండు పడదు. ఉన్న మంటను అవి రేపవచ్చు, అంతే. కాపలాను చెదరగొట్టేవి ముఖ్యంగా రెండే. ఒకటి నొప్పి మాత్ర, రెండోది హెలికోబాక్టర్ పైలోరి అనే బాక్టీరియా. డాక్టర్లు క్లుప్తంగా హెచ్ పైలోరి అంటారు.

డైక్లోఫినాక్, ఎసిక్లోఫినాక్, ఐబుప్రొఫెన్, నాప్రోక్సెన్, ఆస్పిరిన్ అన్నీ ఒకే పని చేస్తాయి. నొప్పిని, వాపును పుట్టించే ప్రోస్టాగ్లాండిన్లు తయారు కాకుండా ఆపుతాయి. అన్నకోశంలో జిగురును, బైకార్బొనేట్‌ను ఊరించేవి కూడా ఆ ప్రోస్టాగ్లాండిన్లే. మోకాలి నొప్పి ఆగినంత సేపూ కడుపు గోడ కాపలా కూడా ఆగుతుంది. మందు రక్తంలో చేరి చేసే పని ఇది. ఇంజెక్షన్ కడుపును తాకదు కదా, అందుకే మంచిదన్న నమ్మకం మన పల్లెల్లో బలంగా ఉంది. అది తప్పు. తిన్నాక వేసుకుంటే ఏమీ కాదన్న నమ్మకం కూడా అంతే. దీనికి డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ కలిస్తే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. ఒళ్ళు నొప్పులకని పొట్లం కట్టి ఇచ్చే రంగు బిళ్ళల్లో ఏమున్నాయో తెలియకుండా మింగడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి తెలుసుకోవచ్చు. పైగా నొప్పి మాత్ర పుండు నొప్పిని కూడా అణుస్తుంది. అందుకే వృద్ధుల్లో చాలామందికి ఏ నొప్పీ లేకుండా నల్లటి విరేచనమే మొదటి సూచనగా వస్తుంది.

ఇక బాక్టీరియా సంగతి. కడుపులోని ఆమ్లంలో ఏ సూక్ష్మజీవీ బతకదన్నది చాలాకాలం వైద్యుల నమ్మకం. అల్సర్ అంటే మనసులో ఆందోళన, కారం, పొగ తాగడం అనుకునేవారు. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్ అనే పాథాలజిస్టు, బారీ మార్షల్ అనే యువ వైద్యుడు మంటతో వచ్చిన రోగుల కడుపు ముక్కల్లో మెలి తిరిగిన బాక్టీరియాను చూశారు. దాన్ని ప్రయోగశాలలో పెంచాలని ఎంత ప్రయత్నించినా పెరగలేదు. రెండు రోజుల్లో ఏమీ పెరగకపోతే పళ్ళేలు పారేయడం అక్కడి అలవాటు. 1982లో ఈస్టర్ సెలవుల వల్ల పళ్ళేలు ఐదు రోజులు అలాగే ఉండిపోయాయి. అప్పుడు పెరిగింది. అది నెమ్మదిగా పెరిగే జీవి. తోటివారు నమ్మకపోవడంతో 1984లో మార్షల్ ఆ బాక్టీరియా కలిపిన ద్రవాన్ని తానే తాగాడు. కొద్ది రోజుల్లోనే వాంతులు మొదలయ్యాయి. ఎండోస్కోపీ చేస్తే అంతకుముందు ఆరోగ్యంగా ఉన్న కడుపు గోడ వాచి ఉంది, అందులో ఆ బాక్టీరియా ఉంది. 2005లో ఆ ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. అంతకు చాలా ముందే, 1994లో, ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం దీన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే వాటి మొదటి వర్గంలో చేర్చింది.

ఈ జీవి ఆమ్లంలో బతకడానికి యూరియేజ్ అనే ఎంజైమును వాడుకుంటుంది. కడుపులో ఉండే కొద్దిపాటి యూరియాను అమ్మోనియాగా, బొగ్గుపులుసు వాయువుగా విడగొట్టి, ఆ అమ్మోనియాతో తన చుట్టూ ఆమ్లాన్ని విరిచేసుకుంటుంది. ఆ రక్షణలో ఈదుకుంటూ జిగురు పొర కిందికి చేరి కణాలకు అంటుకుంటుంది. అక్కడ తరతరాల వాపు మొదలవుతుంది. తరతరాలు అన్న మాట ఊరికే అనలేదు. ఇది ఎక్కువగా చిన్నతనంలోనే, ఇంట్లోనే, ఒకరి నోటి నుంచి మరొకరికి, లేదా మురికి చేతుల వల్ల, కలుషితమైన నీటి వల్ల అంటుకుంటుంది. ఒకసారి చేరితే మందు వాడకపోతే బతికినంత కాలం ఉంటుంది. మన దేశంలో పెద్దవాళ్ళలో సగానికి పైగా కడుపుల్లో ఇది ఉంది. చిన్నప్పుడు ఇక్కడ పెరిగి ఇప్పుడు డల్లాస్‌లోనో లండన్‌లోనో ఉన్నవారు దాన్ని తమతో తీసుకెళ్ళి ఉండవచ్చు. అక్కడి డాక్టరుకు తాము ఎక్కడ పుట్టి పెరిగామో చెప్పడం అందుకే అవసరం.

భయపెట్టడం మా ఉద్దేశం కాదు కాబట్టి దీని హద్దు కూడా చెప్పాలి. ఈ బాక్టీరియా ఉన్నవారిలో ఎక్కువమందికి జీవితాంతం ఏ బాధా ఉండదు. వందలో పది, పదిహేను మందికి ఎప్పుడో ఒకప్పుడు పుండు పడుతుంది. ఒకరిద్దరికి కడుపు క్యాన్సర్ దాకా వెళుతుంది. కాని పుండు పడిన మనిషి విషయంలో లెక్క మారిపోతుంది. బాక్టీరియాను వదిలేసి ఆమ్లాన్ని మాత్రమే అణిస్తే పుండు మానుతుంది, మందు ఆపగానే ఏడాదిలోపే సగానికి పైగా రోగుల్లో మళ్ళీ పడుతుంది. బాక్టీరియాను చంపితే, నొప్పి మాత్రలు లేకపోతే, మళ్ళీ పడటం అరుదు. ఒకప్పుడు కడుపులో కొంత భాగం కోసి తీసేయాల్సి వచ్చిన జబ్బు ఇప్పుడు రెండు వారాల మందుతో మూలం నుంచి పోతోంది. ఏళ్ళ తరబడి గ్యాస్ బిళ్ళ మింగేవారికి ఈ మాట చెప్పేవారు లేకపోవడం మమ్మల్ని బాధపెడుతోంది.

పరీక్షల్లో కూడా గ్యాస్ బిళ్ళ అడ్డం పడుతుంది. ఈ సంగతి రోగులకే కాదు, కొన్నిసార్లు పరీక్ష రాసిన డాక్టర్లకు కూడా గుర్తుండదు. హెచ్ పైలోరి కోసం ప్రధానంగా మూడు పరీక్షలున్నాయి. యూరియా ద్రవం తాగించి ఊపిరిలో ఏం వస్తుందో చూసేది ఒకటి, మలంలో బాక్టీరియా ఆనవాళ్ళను వెతికేది ఒకటి, ఎండోస్కోపీలో తీసిన చిన్న ముక్కను యూరియా ఉన్న జెల్‌లో పెట్టి రంగు మారుతుందేమో చూసేది ఒకటి. మూడూ కడుపులో ఇప్పుడున్న బాక్టీరియా మీద ఆధారపడినవే. పాంటోప్రజోల్, ఒమెప్రజోల్, రాబెప్రజోల్ లాంటివి వాడుతుంటే బాక్టీరియా సంఖ్య తగ్గి, స్థానం మారి, పరీక్ష లేదని చెబుతుంది. నిజానికి అది అక్కడే ఉంటుంది. అందుకే పరీక్షకు రెండు వారాల ముందు ఆ మందులు, నాలుగు వారాల ముందు యాంటీబయాటిక్కులు, బిస్మత్ ఆపాలి. ఆ రెండు వారాలూ మంటకు ఫామోటిడిన్ లాంటి వేరే రకం మందు డాక్టరు ఇవ్వగలరు. రక్తంలో యాంటీబాడీల పరీక్ష చౌకే కాని పాత ఇన్ఫెక్షన్‌కు, ఇప్పుడున్నదానికి తేడా చెప్పదు. మందు వాడాక పోయిందో లేదో అసలే చెప్పదు.

మళ్ళీ మన మేస్త్రీ దగ్గరికి వద్దాం. ఎండోస్కోపీ రోజు తీసిన ముక్క పరీక్షలో బాక్టీరియా లేదని వచ్చింది. కడుపులో నెత్తురు ఉన్నప్పుడు, ఆమ్లం మందు నడుస్తున్నప్పుడు వచ్చిన ఈ జవాబును నమ్మకూడదు. పుండు నొప్పి మాత్ర వల్లే అని రాసి పంపేస్తే అసలు దోషుల్లో ఒకటి కడుపులోనే మిగిలిపోతుంది. పుండు మానడానికి ఎనిమిది వారాల మందు పూర్తయ్యాక, రెండు వారాలు దాన్ని ఆపి ఊపిరి పరీక్ష చేశారు. ఉందని తేలింది. బాక్టీరియా, నొప్పి మాత్ర రెండూ ఉన్న మనిషికి, ఒక్కటే ఉన్నవారి కన్నా పుండు ముప్పు చాలా ఎక్కువ.

అప్పుడు అసలు వైద్యం మొదలవుతుంది. పద్నాలుగు రోజులు. ఒక్క యాంటీబయాటిక్‌కు ఇది లొంగదు కాబట్టి కనీసం రెండు, వాటితో పాటు ఆమ్లాన్ని గట్టిగా అణిచే మందు రోజుకు రెండు పూటలా. మన దేశంలో క్లారిత్రోమైసిన్‌కు, మెట్రోనిడజోల్‌కు చాలా చోట్ల ఈ బాక్టీరియా మొండికేసింది. దగ్గు, జలుబు, విరేచనాలకు ఆ మందులను ఇష్టం వచ్చినట్టు వాడిన ఫలితమే ఇదంతా. అందుకని ఇంతకుముందు ఏయే యాంటీబయాటిక్కులు వాడారో డాక్టరుకు చెప్పాలి. బిస్మత్, టెట్రాసైక్లిన్, మెట్రోనిడజోల్, ఆమ్లం మందు అన్న నాలుగు మందుల కోర్సు అయితే రోజుకు పదికి పైగా మాత్రలవుతాయి. నోరు చేదెక్కుతుంది, వికారం ఉంటుంది, నాలుక నల్లబడుతుంది, విరేచనం కూడా నల్లగా అవుతుంది. ఈ నలుపు బిస్మత్ వల్ల వచ్చేది, భయపడక్కరలేదు. జిగట, వాసన, కళ్ళు తిరగడం ఉంటే మాత్రం వేరు. టెట్రాసైక్లిన్ వేసుకునే వేళకు పాలు, పెరుగు, మజ్జిగ రెండు గంటలు దూరంగా ఉంచాలి, లేకపోతే మందు ఒంటికి పట్టదు. పెరుగన్నంతో భోజనం ముగించే మన ఇళ్ళల్లో ఈ మాట విడమర్చి చెప్పకపోతే సగం మందు వృథా. మెట్రోనిడజోల్ నడిచినన్నాళ్ళూ, ఆ తర్వాత రెండు మూడు రోజులూ మద్యం ముట్టకూడదు. గర్భిణులకు, చిన్నపిల్లలకు టెట్రాసైక్లిన్ పనికిరాదు. ఐదో రోజుకు మంట తగ్గిందని కోర్సు ఆపేస్తే బతికి మిగిలిన బాక్టీరియా ఆ మందులకు లొంగనిదై పెరుగుతుంది. రెండోసారి వైద్యం మొదటిదాని కన్నా కష్టం.

మేస్త్రీ మోకాళ్ళ మాట? బాక్టీరియా పోయినా డైక్లోఫినాక్ కొనసాగితే పుండు మళ్ళీ పడుతుంది. ఇకపై నొప్పికి ముందు పారాసిటమాల్, మోకాలికి పై పూత మందు, తొడ కండరాల వ్యాయామం. అంతకు మించి తప్పదంటే డాక్టరు సలహాతో, ఆమ్లం మందు తోడుగా, అతి తక్కువ రోజులు.

ఒక మాట ఇక్కడే స్పష్టంగా చెప్పాలి. గుండె జబ్బుకు చిన్న మోతాదు ఆస్పిరిన్ వాడేవారు ఇది చదివి దాన్ని ఆపేయవద్దు. గుండెపోటు రావచ్చు. ఆస్పిరిన్‌తోనో నొప్పి మాత్రతోనో పాటు కడుపు రక్షణకని డాక్టరు గ్యాస్ బిళ్ళ రాసిన వృద్ధులు ఆ బిళ్ళ కూడా ఆపవద్దు. మా హెచ్చరిక అంతా చీటీ లేకుండా, కారణం తెలియకుండా, గడువు లేకుండా మింగేవారికి.

ఛాతీలో మంట, నోట్లోకి పుల్లటి నీళ్ళు ఎగదన్నడం మాత్రమే ఉంటే అది రిఫ్లక్స్ కావచ్చు, పుండు కాకపోవచ్చు. అన్నవాహిక కింది కొసన ఉన్న కండర కవాటం వదులై ఆమ్లం పైకి రావడం దీనికి కారణం. హెచ్ పైలోరిని చంపినంత మాత్రాన ఇది పోదు. రాత్రి తొమ్మిదిన్నరకు పొట్ట నిండా తిని పదింటికి పడుకునేవారికి, నడుము చుట్టూ కొవ్వు పేరుకున్నవారికి ఇది ఎక్కువ. భోజనానికి, పడకకు మధ్య మూడు గంటలు విడవడం, తల వైపు మంచం కోళ్ళ కింద ఆరు అంగుళాలు ఎత్తు పెట్టడం నిజంగా పని చేస్తాయి. రెండు దిండ్లు వేసుకోవడం పని చేయదు, మెడ మాత్రమే వంగుతుంది. మందు అవసరమైతే ఉదయం టిఫిన్‌కు అరగంట ముందు వేసుకోవాలి. ఎందుకంటే అది తినబోయేటప్పుడు మేలుకునే ఆమ్లపు పంపులనే మూయగలదు. మంట వచ్చాక వేసుకునే బిళ్ళ కాదది. సాధారణంగా నాలుగు నుంచి ఎనిమిది వారాలు.

ఆ తర్వాత ఆపబోతే చాలామందికి మంట రెట్టింపై వస్తుంది, కాబట్టి జబ్బు తగ్గలేదని మళ్ళీ మొదలుపెడతారు. డెన్మార్క్‌లో ఏ కడుపు బాధా లేని ఆరోగ్యవంతులకు ఎనిమిది వారాలు ఈ రకం మందు ఇచ్చి ఆపితే, వందలో నలభై నాలుగు మందికి ఆ తర్వాత మంట, పుల్లటి త్రేన్పులు వచ్చాయి. ఉత్తుత్తి బిళ్ళ ఇచ్చినవారిలో పదిహేను మందికే వచ్చాయి. మందు అణిచి ఉంచిన ఆమ్లం ఒక్కసారిగా ఎగసిపడటం ఇది. కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. డాక్టరు చెప్పినట్టు మోతాదు తగ్గిస్తూ ఆపుకోవచ్చు. షాపుల్లో ఎక్కువగా చేతికిచ్చే బిళ్ళల్లో మరో చిక్కుంది. వాటిలో ఆమ్లం మందుతో పాటు డామ్‌పెరిడోన్ కూడా ఉంటుంది. అది గుండె లయను చెదరగొట్టగల మందు. వికారానికి, వాంతులకు తప్ప వాడవద్దని, మామూలుగా వారం దాటనివ్వవద్దని 2014లోనే యూరప్ ఔషధ నియంత్రణ సంస్థ చెప్పింది. మన దగ్గర దాన్ని ఏళ్ళ తరబడి పరగడుపున మింగుతున్నారు. మీ అట్ట వెనక ఆ పేరుందేమో ఇవాళే చూసుకోండి.

గ్యాస్ అనుకుని గుండెపోటును ఇంట్లోనే ఉంచుకోవడం ఇంకో ఘోరం. గుండె కింది భాగానికి రక్తం ఆగినప్పుడు నొప్పి పై కడుపులోనే, మంటగా, వాంతి వచ్చేటట్టు ఉండవచ్చు. షుగరు ఉన్నవారిలో, ఆడవారిలో ఇలా రావడం ఎక్కువ. నడిస్తే పెరిగే బరువు, చెమటలు, ఆయాసం, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి ఉంటే సోడా తాగించి చూద్దామనుకోకండి. బిళ్ళ వేసుకుంటే తగ్గింది కాబట్టి గుండె కాదన్న తర్కం కూడా చెల్లదు. ఈసీజీ తీయించండి. మొదటిది మామూలుగా ఉన్నా నొప్పి ఉంటే కాసేపాగి మళ్ళీ తీయించమని అడగండి.

ఎవరు వెంటనే ఎండోస్కోపీ చేయించుకోవాలి? మింగుడు పడనివారు, ప్రయత్నించకుండానే బరువు తగ్గుతున్నవారు, కారణం తెలియకుండా రక్తం తగ్గినవారు, తరచూ వాంతులయ్యేవారు, ముఖ్యంగా నిన్న తిన్న మెతుకులు ఇవాళ వాంతిలో కనిపించేవారు. నలభై ఐదు, యాభై దాటాక కొత్తగా ఇలాంటి బాధ మొదలైనవారు కూడా. క్యాన్సర్ పుండుకు కూడా గ్యాస్ బిళ్ళతో కొన్నాళ్ళు ఉపశమనం దొరుకుతుంది. ఆ కొన్నాళ్ళే కోయగలిగిన గడ్డకు, కోయలేని గడ్డకు మధ్య తేడా కావచ్చు. ఇక ఉన్నట్టుండి కత్తితో పొడిచినట్టు పై కడుపులో నొప్పి వచ్చి, పొట్ట చెక్కలా బిగుసుకుని, కదలడానికే భయపడే మనిషికి పేగు చిల్లు పడి ఉండవచ్చు. అక్కడ మళ్ళీ నొప్పి ఇంజెక్షన్ వేయించి పడుకోబెట్టడం నేరంతో సమానం. ఎక్స్‌రే, సర్జన్, ఆపరేషన్ థియేటర్ ఉన్న ఆసుపత్రికి గంటల్లో చేరాలి. ఆలస్యమైన ప్రతి గంటా ప్రాణానికి ముప్పు పెంచుతుంది.

మందుల షాపులవారికి మా విన్నపం. డైక్లోఫినాక్ డాక్టరు చీటీ మీదే అమ్మాల్సిన మందు. ఒకే మనిషి నెల తర్వాత నెల నొప్పి మాత్ర, గ్యాస్ బిళ్ళ కలిపి కొంటున్నాడంటే మీకు అతని పుండు డాక్టరు కన్నా ముందే కనిపిస్తున్నట్టు. అప్పుడు విరేచనం రంగు ఎలా ఉందని ఒక్క మాట అడగండి. ఊళ్ళలోని ఆర్‌ఎంపీలు నొప్పి ఇంజెక్షన్ వేసే ముందు కడుపు నొప్పి చరిత్ర, వయసు, వాడుతున్న ఆస్పిరిన్ సంగతి అడగాలి. అరవై దాటినవారికి, ఒకసారి పుండు పడినవారికి ఆ సూది వేయనే వద్దు. జిల్లా ఆసుపత్రుల్లో ఎండోస్కోపీ ఉన్న చోట యూరియేజ్ జెల్ పరీక్ష కూడా విధిగా ఉండాలి. అది ఖరీదైనది కాదు. పుండు చూసి ఫోటో తీసి, బాక్టీరియాను వెతకకుండా నివేదిక చేతికిస్తే పని సగమే అయినట్టు. హెచ్ పైలోరి ఉందా లేదా అన్న వరుస ఆ కాగితంలో ఖాళీగా ఉంటే రోగులు, వారి పిల్లలు అడిగి నింపించుకోవాలి.

మందుల కోర్సు పూర్తయిన రోజున పని అయిపోలేదు. బాధ తగ్గడం బాక్టీరియా చచ్చిందనడానికి రుజువు కాదు. చివరి యాంటీబయాటిక్ వేసుకున్నాక కనీసం నాలుగు వారాలు ఆగి, ఆమ్లం మందు ఆపి రెండు వారాలు దాటాక ఊపిరి పరీక్షో మలపరీక్షో మరోసారి చేయించాలి. మన దగ్గర చాలామంది వదిలేసే మెట్టు ఇదే. ఉందని వస్తే మొదటిసారి వాడిన మందులను వదిలి వేరే జంటతో మళ్ళీ పద్నాలుగు రోజులు. లేదని వస్తే ఆ కాగితాన్ని పాత ఎండోస్కోపీ నివేదికతో కలిపి భద్రపరచండి, రేపు ఏ డాక్టరు నొప్పి మాత్ర రాయబోయినా రెండూ ముందు పెట్టండి.